గేటు బయట పదిహేను వేలకు వస్తామంటుంటే లోపల పద్దెనిమిది వేలు ఎందుకిస్తున్నారు?

హైవే పక్కన మందుల ఫ్యాక్టరీ గేటు ముందు టెంటు మళ్లీ పడింది. భూములు మావి, నౌకర్లు మాకే కావాలె అనే పాత డిమాండే. మేనేజ్‌మెంట్ జవాబు కూడా పాతదే: యూనియన్ వల్ల పర్మనెంట్ వాళ్ల జీతాలు పెరిగిపోయాయి, ఆ బరువు మీద కొత్తవాళ్లను తీసుకోలేం, అడిగేదుంటే యూనియన్‌నే అడగండి. దాంతో టెంటులో కూర్చున్న పిల్లలు కంపెనీని వదిలేసి, షిఫ్టు దిగి బయటికొచ్చే తమ ఊరి వాళ్లనే నిలదీస్తున్నారు. ఆ జవాబులో నిజమెంతో తేల్చుకోవాలనే ఇది రాస్తున్నా. పాలమూరు వలసల గురించి, సెజ్‌లకు పోయిన భూముల గురించి మన రెండు జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు, అవి వదిలేస్తున్నా.

టెంటులో ఒక డిప్లొమా పిల్లగాడు నాతో అన్న మాట దగ్గర మొదలుపెడతాను. "లోపల పద్దెనిమిది ఇస్తున్నరు సార్, మాకు పదిహేనిచ్చినా చేస్తం." పుస్తకంలో మార్కెట్ లెక్క ప్రకారమైతే ఈ మాట అన్న మర్నాడే లోపలి జీతం దిగాలి, ఇతనికి పని దొరకాలి, జీతం దిగేకొద్దీ ఇంకొందరికి దొరకాలి, చివరికి ఆ జీతానికి పని కావాలన్నవాడు ఎవడూ బయట మిగలకూడదు. ఏళ్ల తరబడి అలా జరగడం లేదు. ఎందుకు జరగదు అనే దానికి ఆర్థికశాస్త్రంలో మూడు జవాబులు ఉన్నాయి. మేనేజ్‌మెంట్ అందులో ఒక్కదాన్నే పట్టుకుని మాట్లాడుతోంది.

నా లెక్కలో అసలు మలుపు 1914 జనవరి 5. అమెరికాలో డెట్రాయిట్ దగ్గర హెన్రీ ఫోర్డ్ కంపెనీ తొమ్మిది గంటల పనికి రోజుకు 2.34 డాలర్లు ఇచ్చేది కాస్తా, ఎనిమిది గంటల పనికి 5 డాలర్లు ఇస్తామని ప్రకటించింది. అప్పుడు అక్కడ యూనియన్ లేదు. ఫోర్డ్ యూనియన్‌ను ఒప్పుకున్నది 1941లో, అంటే 27 ఏళ్ల తర్వాత. మరి ఎవరూ అడగకుండా జీతం రెట్టింపు ఎందుకు చేసినట్టు? 1913లో ఆ ఫ్యాక్టరీలో సగటున పదమూడు వేల ఆరు వందల మంది పనిచేస్తుంటే, ఆ ఒక్క ఏడాదిలో మానేసినవాళ్లు, తీసేసినవాళ్లు కలిపి యాభై వేలు దాటారు. ఒక్కో కుర్చీలో ఏడాదికి దాదాపు నలుగురు మారినట్టు. కదిలే లైను మీద పని కాబట్టి ఒకడు రాకపోయినా, వచ్చి మనసు పెట్టకపోయినా వెనకున్న వాళ్లందరి పనీ ఆగుతుంది. ఐదు డాలర్ల తర్వాత అలా పోయేవాళ్లు 1914లో వందకు 54కు, 1915లో 16కు పడిపోయారు. ఇక గేటు బయట వేలమంది గుమిగూడితే, జనవరి చలిలో వాళ్ల మీద నీళ్ల పైపులు కొట్టి చెదరగొట్టారు. అందులో మూడు డాలర్లకైనా చేస్తామనేవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో ఊహించుకోవచ్చు. అయినా ఫోర్డ్ మూడుకు దించలేదు. అతను కొనుక్కున్నది వాళ్ల రోజును మాత్రమే కాదు, ఈ నౌకరి పోతే ఇలాంటిది మళ్లీ దొరకదనే భయాన్ని కూడా. మూడు జవాబుల్లో మొదటిది ఇదే.

ఆ భయాన్ని లెక్కలోకి దించింది 1984లో ఆర్థికవేత్తలు కార్ల్ షాపిరో, జోసెఫ్ స్టిగ్లిట్జ్ రాసిన వ్యాసం. దాన్నే కాస్త సులువు చేసి మన రూపాయల్లో వేసి చూద్దాం. అంకెలు నేను ఉదాహరణకు పెట్టుకున్నవి, వడ్డీ లాంటివి పక్కన పెట్టాను.

బయట అడ్డా మీద నెలకు 12,000 వస్తాయనుకోండి. కంపెనీలో మందు తయారయ్యే రియాక్టర్ దగ్గర నైట్ షిఫ్టులో కునుకు తీయకుండా, టెంపరేచర్ రీడింగులు చూడకుండా రాసేయకుండా నిజంగా పనిచేయడంలో ఉన్న శ్రమకు మనిషి తన మనసులో కట్టుకునే విలువ నెలకు 2,000. అంటే 14,000 ఇస్తే అతనికి అడ్డా, కంపెనీ రెండూ ఒకటే. పోటీ మార్కెట్ జీతం అదే కావాలి. ఇప్పుడు అతను పని ఎగ్గొడితే నెలకు 2,000 శ్రమ మిగులుతుంది. దొరికిపోయే అవకాశం నెలకు పదింట ఒకటి. దొరికితే నౌకరి పోతుంది, మళ్లీ అలాంటిది దొరకడానికి ఐదు నెలలు పడుతుంది. జీతం 14,000 అయితే నౌకరి పోయినా అతనికి పోయేదేమీ లేదు, కాబట్టి ఎగ్గొడతాడు. 15,000 అయితే నెలకు వెయ్యి చొప్పున ఐదు నెలలకు 5,000 నష్టం, అందులో పదో వంతు 500. రెండు వేల శ్రమ మిగులుతుంటే ఐదు వందల నష్టానికి ఎవరూ భయపడరు. 18,000 అయితే నెలకు నాలుగు వేలు, ఐదు నెలలకు ఇరవై వేలు, పదో వంతు సరిగ్గా 2,000. అక్కడికి వచ్చాకే మనిషి నిద్ర ఆపుకుని రీడింగ్ చూస్తాడు.

ఆ డిప్లొమా పిల్లగాడి మాట ఎందుకు చెల్లలేదో ఇక్కడ తెలుస్తుంది. పదిహేనుకు చేస్తానని అతను నిజాయితీగానే అంటున్నాడు. కానీ పదిహేను వేల మీద అతను చేరిన తర్వాత ఎలా చేస్తాడనేది కంపెనీ వేరే లెక్క వేసుకుంటుంది. అందుకని అతన్ని చవకగా తీసుకోదు, అసలే తీసుకోదు.

అదే లెక్కలో ఐదు నెలల బదులు ఒక్క నెల పెట్టి చూడండి, అంటే మన దగ్గర నౌకర్లు బాగా దొరికే రోజులు అనుకోండి. కావలసిన జీతం 34,000కు ఎగబాకుతుంది. పోయిన మర్నాడే ఇంకోటి దొరికేటట్టయితే ఏ జీతం పెట్టినా భయం పుట్టదు. అంటే బయట టెంటు ఉండటం ఈ లెక్కకు అడ్డం కాదు, లెక్క నడిచేదే దాని మీద. టెంటులో కూర్చున్నవాళ్లు ఈ మాట ఒకసారి ఆగి ఆలోచించాలి. వాళ్ల నిరుద్యోగమే లోపలివాళ్లను అదుపులో పెడుతోంది, దానికి పైసా జీతం కూడా రాకుండా.

దొరికిపోయే అవకాశం పదింట రెండు అయితే జీతం 16,000 చాలు. ఏ పనికి పర్మనెంట్, ఏ పనికి కాంట్రాక్టు అనేది కూడా చాలావరకు ఇక్కడి నుంచే వస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీకి బస్తా లెక్కన కూలి. ఎన్ని మోశాడో కళ్లముందే తెలుస్తుంది కాబట్టి భయం కొనాల్సిన పని లేదు. మందుల కంపెనీలో లోడింగ్, ప్యాకింగ్, క్లీనింగ్ కాంట్రాక్టరుకు పోవడం, మూడు షిఫ్టుల చేతులు మారే బ్యాచ్ దగ్గర మాత్రం పర్మనెంట్ మనిషి ఉండటం అందుకే. బ్యాచ్ పాడైతే ఏ షిఫ్టులో ఎవరి వల్ల పాడైందో తేల్చడం కష్టం.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. అంత భయమైతే చేరేటప్పుడే డిపాజిట్ కట్టించుకుని, తప్పు చేస్తే ఉంచుకుంటే సరిపోదా, జీతం పెంచడమెందుకు అని. బీదవాడి దగ్గర డిపాజిట్‌కు పైసలు ఉండవు, ఉన్నా కంపెనీయే అబద్ధపు తప్పు చూపించి మింగేయదనే నమ్మకం ఉండదు. మన దగ్గర ఇది వేరే రూపంలో జరుగుతూనే ఉంది, పర్మనెంట్ చేయిస్తానని బ్రోకర్లు లక్షలు అడుగుతారు. నౌకరికి రేటు ఉందంటేనే దాని జీతం బయటి కూలి కన్నా బాగా పైన ఉందని అర్థం.

రెండోది మేనేజ్‌మెంట్ పట్టుకున్న జవాబు. 1980లలో స్వీడన్ ఆర్థికవేత్త అసార్ లిండ్‌బెక్, డెనిస్ స్నోవర్ కలిసి లోపలివాళ్లు-బయటివాళ్లు అనే సిద్ధాంతం రాశారు. పాతవాణ్ని తీసేయడానికి ఖర్చు, కొత్తవాడిని వెతికి నేర్పడానికి ఖర్చు, పైగా పాతవాళ్లు కొత్తవాడికి పని చెప్పకుండా ముఖం తిప్పుకుంటే ఇంకా ఖర్చు. ఆ ఖర్చు మేరకు లోపలివాళ్లు జీతం పైకి లాగగలరు, అప్పటికీ వాళ్లను మార్చడం కంపెనీకి గిట్టుబాటు కాదు. ఇది తప్పని నేననను. కానీ మన దేశంలో ఈ కథ 2001 ఆగస్టు 30 దగ్గర మారిపోయింది. అంతకుముందు 1996లో సుప్రీంకోర్టు, ఒక పనిలో కాంట్రాక్టు విధానాన్ని నిషేధిస్తే అక్కడి కాంట్రాక్టు కార్మికులు ఆటోమేటిక్‌గా కంపెనీ వాళ్లయిపోతారని చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో ఐదుగురు జడ్జిల బెంచ్ ఆ తీర్పును పక్కన పెట్టి, ఆటోమేటిక్ అనేది లేదంది. గేటు లోపలికి వచ్చినవాడు కూడా బయటివాడిగానే ఉండిపోయే దారి అలా గట్టిపడింది. అప్పటి నుంచి లోపలివాళ్ల బలం వాళ్ల చుట్టూ చిన్న గీత మాత్రమే, ఆ గీత ఎక్కడ గీయాలనేది ఎక్కువగా కంపెనీ చేతిలో ఉంది. యూనియన్ వల్లే కొత్త పోస్టులు లేవంటున్నవాళ్లు, గీత బయట కాంట్రాక్టు మీద ఎంతమందిని పెట్టుకున్నారో కూడా అదే నోటితో చెప్పాలి.

యూనియన్ లేని చోట జీతం దిగుతుందా అనేది నేరుగా చూసినవాళ్లు ఉన్నారు. ఎమిలీ బ్రెజా, సుప్రీత్ కౌర్, యోగితా శమ్‌దాసానీ అనే ఆర్థికవేత్తలు ఒడిశా ఊళ్లలో కూలికి వెళ్లే మగవాళ్లలో నాలుగో వంతు వరకు ఒక నెల పాటు వేరే పనికి తీసుకెళ్లారు. 2021లో అచ్చయింది. పని లేని కాలంలో అంతమందిని తీసేసినా ఊళ్లో కూలి రేటు పెరగలేదు, మిగిలినవాళ్లు వచ్చి ఆ పనులు అందుకున్నారు. అంటే ఆ రేటుకు పని కావాలని ఎదురుచూస్తున్నవాళ్లు ముందే ఉన్నారు, అయినా రేటు దిగలేదు. రేటును నిలబెట్టింది భయమా, ఊరి కట్టుబాటా అనేది వేరే చర్చ, కానీ అక్కడ గేటూ లేదు, యూనియన్ ఆఫీసూ లేదు.

మూడోది వెతుకులాట. పీటర్ డైమండ్, డేల్ మార్టెన్‌సెన్, క్రిస్టఫర్ పిస్సరైడ్స్‌లకు 2010లో నోబెల్ వచ్చింది దీనికే. ఖాళీలూ ఉంటాయి, ఖాళీగా మనుషులూ ఉంటారు, ఒకరికొకరు దొరకరు. దేవరకొండ నుంచి చౌటుప్పల్ వచ్చి నాలుగు గేట్లు తిరగాలంటే బస్సు చార్జీతో పాటు ఆ రోజు కూలి పోతుంది. ఒడిశా నుంచి కాంట్రాక్టరు ఒకేసారి ఇరవై మందిని రూముతో సహా దింపుతాడు, కంపెనీకి వెతికే పని తప్పుతుంది, లోకల్ పిల్లలకు ఆ కాంట్రాక్టరు ఫోన్ నంబరు కూడా తెలియదు. ఇది నిజమైన కారణమే. కానీ ఒకే గేటు ముందు రెండు వందల మంది నెలల తరబడి నిలబడి ఉంటే, వాళ్లు కంపెనీకి దొరకలేదని ఎవరూ అనలేరు.

చర్చలకు పిలిచినప్పుడు అడిగితే తేలేవి కొన్ని ఉన్నాయి. ఆపరేటర్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయి? చాలా ఉంటే వెతుకులాట సమస్య. పోయిన ఏడాది పర్మనెంట్ వాళ్లలో ఎంతమంది సొంతంగా మానేశారు? దాదాపు ఎవరూ లేకపోతే, బయట దొరికే దానికన్నా ఆ జీతం బాగా పైన ఉన్నట్టు. ఆ పైకి యూనియన్ లాగిందా, కంపెనీయే పెట్టిందా అనేది తెలియాలంటే యూనియన్ లేని ప్లాంటులో అదే పనికి ఎంతిస్తున్నారో చూడాలి. మా వైపు అలాంటిది ఒకటి ఉంది. నిన్న సాయంత్రం అక్కడ షిఫ్టు దిగిన ఇద్దరిని అడిగాను, రియాక్టర్ ఆపరేటర్‌కు ఈ కంపెనీ కన్నా ఐదారు వందలే తక్కువ. ఆ గేటు బయట కూడా బయోడేటాలు పట్టుకుని పిల్లలు నిలబడే ఉన్నారు.