ఉచిత సీఆర్‌ఎం: ఎక్సెల్ వదిలి వచ్చేవారి అపోహలు, అసలు వాస్తవాలు

కస్టమర్ల వివరాలను, వారితో నడిచే బేరాలను ఒకచోట ఉంచే సాఫ్ట్‌వేరే సీఆర్‌ఎం. చిన్న వ్యాపారాలకు హబ్‌స్పాట్ ఉచిత సీఆర్‌ఎం పెట్టివ్వడం నా వృత్తి. ఇంటి కప్పులపై సోలార్ ప్యానెళ్లు బిగించే ఒక వ్యాపారి దగ్గర ఎదురైన సంగతులతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎక్సెల్ షీటును ఎక్కిస్తే, రెండుసార్లు పడిన పేర్లను అదే ఏరేస్తుంది.

వాస్తవం: హబ్‌స్పాట్ ఒక మనిషిని మామూలుగా గుర్తుపట్టేది ఈమెయిల్‌తో, ఫోన్ నంబరుతో కాదు. మన దగ్గర విచారణలు చాలావరకు ఫోన్‌లోనూ వాట్సాప్‌లోనూ వస్తాయి కనుక ఈమెయిల్ గడి ఖాళీగానే ఉంటుంది. ఆ వ్యాపారి కొత్త పేర్లు కలిపిన షీటును రెండోసారి పూర్తిగా ఎక్కించేసరికి, ఈమెయిల్ లేని పాత పేర్లన్నీ మరోసారి చేరాయి. దీనికి మార్గం, ముందుగా హబ్‌స్పాట్ నుంచి జాబితాను ఎక్స్‌పోర్ట్ చేసుకుని, ప్రతి రికార్డుకు హబ్‌స్పాట్ ఇచ్చే గుర్తింపు సంఖ్య ఉన్న Record ID నిలువు వరుసను అలాగే ఉంచి సవరణలు చేసి ఎక్కించడం; అప్పుడు పాత రికార్డే మారుతుంది. కొత్త పేర్లను మాత్రం వేరే ఫైలుగా పెట్టాలి.

ఇంకో చిక్కు ఎక్సెల్‌లోనే ఉంది. 91 చేర్చిన పన్నెండు అంకెల నంబరు గడిలో 9.19848E+11 అని కనిపిస్తుంటే, దాన్ని అలాగే సీఎస్‌వీగా భద్రపరిస్తే చివరి అంకెలు పోతాయి, మళ్లీ రావు. అందుకే నంబర్లు నింపకముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చుకోవాలి.

అపోహ: కస్టమర్ల పేర్లు ఎక్కితే పని పూర్తయినట్టే.

వాస్తవం: పేర్ల జాబితాకైతే ఎక్సెలే చాలు. ఒకే మనిషి ఇంటికి మూడు కిలోవాట్లు, దుకాణానికి ఐదు కిలోవాట్లు అడిగాడనుకోండి. షీటులో ఒకే అడ్డువరుస ఉంటే, రెండో కొటేషన్ మొదటిదాని మీద పడుతుంది. హబ్‌స్పాట్‌లో ఒక్కో బేరం ఒక్కో డీల్; ఒకే కాంటాక్ట్‌కు రెండు డీల్స్ తగిలించవచ్చు, ఇల్లు ఖాయమై దుకాణం బేరంలో ఉన్నా విడివిడిగా కనిపిస్తాయి. డీల్ ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి హబ్‌స్పాట్ ముందే పెట్టి ఉంచే Appointment Scheduled వంటి దశల పేర్లు మాకు నప్పలేదు. వాటిని ‘కప్పు చూసి వచ్చాం’, ‘కొటేషన్ ఇచ్చాం’, ‘బ్యాంకు రుణం మంజూరైంది’ అని మార్చాం. ‘ఆసక్తి ఉంది’ అనే దశను నేను ఎవరికీ పెట్టనివ్వను, ఎందుకంటే జరిగిన పనికి రుజువు ఉంటుంది గానీ ఆసక్తికి ఉండదు, పైగా కదలని డీల్స్ అన్నీ అక్కడే పోగుపడతాయి.

అపోహ: సంభాషణలన్నీ దానంతటదే రాసుకుంటుంది.

వాస్తవం: సొంత ఫోన్ నుంచి చేసిన కాల్ దానికి తెలియదు. కాల్ ముగియగానే రెండు వాక్యాల నోట్ రాసి, తర్వాత ఎప్పుడు మాట్లాడాలో తేదీతో టాస్క్ పెట్టాలి. శనివారం సాయంత్రం మేము చూసేది ఒక్కటే: ఇంకా ముగియని ఏ డీల్‌కు రాబోయే టాస్క్ లేదో, దానికి టాస్క్ పెట్టడమో, కారణం రాసి, చేజారిన డీల్స్ ఉండే Closed Lost దశలోకి పంపడమో.