ప్రాసెసర్ మీద కొసరు: ఓవర్‌క్లాకింగ్ ఎక్కడ మొదలైంది, ఇప్పుడు ఎందుకు గిట్టుబాటు కాదు

1998 ఆగస్టులో ఇంటెల్ రెండు ప్రాసెసర్లు బయటికి తెచ్చింది. ఒకటి పెంటియం 2, 450 మెగాహెర్ట్జ్‌ది. దాని ధర 669 డాలర్లు. రెండోది సెలెరాన్ 300ఎ, 300 మెగాహెర్ట్జ్‌ది, 149 డాలర్లు. కొన్ని వారాల్లోనే కంప్యూటర్ పిచ్చి ఉన్నవాళ్లకి ఒక సంగతి తెలిసిపోయింది. చౌక సెలెరాన్‌లో చాలావాటిని 450 దగ్గర నడిపిస్తే ఏ గొడవా లేకుండా నడుస్తున్నాయి. గేముల్లో ఖరీదైన పెంటియం 2తో దాదాపు సమానంగా వస్తున్నాయి. చిప్‌ని కంపెనీ పెట్టిన వేగం దాటించి నడపడాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఆ మాట అంతకుముందూ ఉంది కానీ, దాన్ని మామూలు జనంలోకి తెచ్చింది ఈ చిప్పే. ఈరోజుకీ "ఓవర్‌క్లాక్ చేస్తే ఫ్రీగా స్పీడ్ వస్తుంది" అని ఎవరైనా అంటే, ఆ నమ్మకానికి మూలం అక్కడే ఉంది.

ఆ కిటుకు ఏమిటో చూద్దాం, ఎందుకంటే అసలు సూత్రం ఇప్పటికీ అదే. ప్రాసెసర్ వేగం రెండు అంకెల గుణకారం. మదర్‌బోర్డ్ ఇచ్చే బస్ స్పీడ్ ఒకటి, చిప్ లోపల ఉండే మల్టిప్లయర్ ఇంకొకటి. సెలెరాన్ 300ఎ మల్టిప్లయర్ 4.5. బస్ 66 మెగాహెర్ట్జ్. రెండూ గుణిస్తే 300 వస్తుంది. మల్టిప్లయర్‌ని మార్చకుండా ఇంటెల్ తాళం వేసేసింది. తక్కువ వేగం చిప్పుల మీద ఎక్కువ అంకె ముద్రించి అమ్మే దొంగ వ్యాపారం అప్పట్లో జోరుగా ఉండేది, ఆ తాళానికి అదొక కారణం. కానీ బస్‌కి తాళం లేదు. అదే ఏడాది వచ్చిన 440బిఎక్స్ చిప్‌సెట్ బోర్డుల్లో బస్‌ని 100కి పెట్టుకోవచ్చు. 100ని 4.5తో గుణిస్తే 450. కొన్ని బోర్డులు బయోస్‌లోనే ఈ ఆప్షన్ ఇచ్చాయి. ఇవ్వని బోర్డుల్లో, ప్రాసెసర్ కార్డు మీద బి21 అనే పిన్నుకి చిన్న టేపు ముక్క అంటిస్తే, బోర్డు దాన్ని 100 మెగాహెర్ట్జ్ చిప్ అనుకునేది. టేపు ముక్క ఖర్చుతో యాభై శాతం అదనపు వేగం!

ఇంత మిగులు చిప్‌లో ఎందుకుంది? ఫ్యాక్టరీలో ఒకే పళ్లెం మీద తయారైన చిప్పులన్నీ ఒకేలా ఉండవు. వాటిని పరీక్షించి, ఏది ఎంత వేగం తట్టుకుంటుందో చూసి, గ్రేడులు కడతారు. కానీ ఫ్యాక్టరీ పనితనం బాగా కుదిరిన కాలంలో మంచి చిప్పులు కుప్పలుగా వస్తాయి, మార్కెట్‌లో మాత్రం చౌక రకానికే గిరాకీ. అప్పుడు 450 నడవగలిగే చిప్‌కి కూడా 300 అనే చీటీ అంటించి అమ్ముతారు. పైగా 300ఎలో క్యాష్ అనే చిన్న మెమరీ, 128 కిలోబైట్లది, చిప్ లోపలే ఉండి చిప్‌తో సమానమైన వేగంతో నడిచేది. పెంటియం 2 క్యాష్ 512 కిలోబైట్లు, కానీ విడిగా ఉండి సగం వేగంతో నడిచేది. అంటే ఓవర్‌క్లాక్ చేసినవాళ్లు కొత్తగా ఏమీ సృష్టించలేదు. కంపెనీ అమ్ముకోకుండా వదిలేసిన కొసరుని తీసుకున్నారు, అంతే.

ఆ కొసరు ఆ తర్వాత ఎటు పోయిందన్నదే అసలు కథ.

మొదట వేడి సంగతి. ఆ రోజుల్లో చిప్పులకి తమను తాము కాపాడుకునే తెలివి పెద్దగా లేదు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు నడుస్తున్న ప్రాసెసర్ మీద నుంచి హీట్‌సింక్ పీకేసి వీడియో తీశారు. ఇంటెల్ పోటీదారు ఎఎమ్‌డి తయారుచేసిన అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి చచ్చిపోయింది. పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని నడుస్తూనే ఉంది. ఇప్పటి చిప్పులన్నీ ఈ రెండో రకమే. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పులు ఎక్కువగా 100 డిగ్రీల దగ్గర, ఎఎమ్‌డి రైజెన్ 7000 సిరీస్‌లో చాలావరకు 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. అందుకే ఇప్పుడు ఓవర్‌క్లాకింగ్‌లో చిప్ భగ్గున కాలిపోవడం అరుదు. జరిగే నష్టం వేరే రకంగా ఉంటుంది, అది మెల్లగా వస్తుంది.

2011 జనవరిలో ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తెచ్చినప్పుడు బస్‌కి కూడా దాదాపు తాళం పడింది. బస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్‌కి కట్టేసి, మిగతా పరికరాల క్లాకులు కూడా దానితోనే ముడివేశారు. దాన్ని నాలుగైదు శాతం మించి కదిపితే ఏదో ఒకటి మొరాయించేది. మల్టిప్లయర్ మార్చుకోవాలంటే పేరు చివర "కె" ఉన్న చిప్ కొనాలి. ఐ5-2500 ధర 205 డాలర్లు, 2500కె ధర 216. వదిలేసిన కొసరుకి ఇప్పుడు రేటు కట్టారన్నమాట. మరుసటి ఏడాది ఇంకో అడుగు వేశారు. కొంత డబ్బు అదనంగా కడితే, ఓవర్‌క్లాక్ చేసి చిప్ పాడుచేసుకున్నా ఒకసారి మార్చి ఇచ్చే ప్లాన్ పెట్టారు. 2021లో ఆ ప్లాన్ ఆపేశారు.

2500కె మంచి చిప్పే, ఓవర్‌క్లాకింగ్‌కి గిట్టుబాటయిన చివరి రోజులవి అని నా లెక్క. 3.3 గిగాహెర్ట్జ్ చిప్‌ని చాలామంది 4.5కి తీసుకెళ్లారు. ఖర్చు ఏమిటో లెక్క వేద్దాం. ప్రాసెసర్ తాగే కరెంటుకి ఒక సూత్రం ఉంది:

```
P = C × V² × f
```

ఇందులో f వేగం, V వోల్టేజ్, C చిప్ కట్టుబడిని బట్టి ఉండే అంకె. వేగం పెరిగితే ప్రతి లెక్కా పూర్తి చేయడానికి చిప్‌కి ఉండే వ్యవధి తగ్గుతుంది. ఆ వ్యవధిలో పని ముగించాలంటే ట్రాన్సిస్టర్లని ఇంకొంచెం గట్టిగా తోయాలి, అంటే వోల్టేజ్ పెంచాలి. 1.2 వోల్టుల నుంచి 1.35కి పెంచామనుకుందాం. వేగం 36 శాతం పెరిగింది. కరెంటు వాడకం మాత్రం దాదాపు 73 శాతం పెరిగింది, ఎందుకంటే వోల్టేజ్ వర్గం చేసి గుణించాలి. ఆ కరెంటంతా చివరికి వేడే. అయినా 36 శాతం అంటే తక్కువేమీ కాదు కాబట్టి జనం పెద్ద కూలర్ కొని పెట్టుకున్నారు.

అదే లెక్క ఈనాటి చిప్ మీద వేయండి. 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్నదాన్ని 5.2కి తీసుకెళ్లాలి, దానికోసం 1.25 వోల్టుల్ని 1.35 చేయాల్సి వచ్చింది అనుకుందాం. దక్కిన వేగం 4 శాతం. పెరిగిన వేడి 21 శాతం. ఎందుకిలా అంటే, టర్బో అనే పేరుతో 2008 నుంచి కంపెనీలే ఆ కొసరుని వాడేసుకోవడం మొదలుపెట్టాయి. చల్లగా ఉంటే చిప్ తనే వేగం పెంచుకుంటుంది, వేడెక్కితే తగ్గించుకుంటుంది. 2023లో వచ్చిన ఐ9-14900కె పెట్టెలోంచి తీసి పెట్టగానే 6 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది. ఎఎమ్‌డి 2017 నుంచి రైజెన్‌లలో చాలావాటికి మల్టిప్లయర్ తాళం తీసి అమ్ముతోంది. ఉదారంగా కనిపిస్తుంది గానీ, లోపల మిగిలింది తక్కువే.

ఈ లెక్కకి మన ఊరి ఎండ కలిపితే ఏమవుతుందో చూడండి. కూలర్ చేసేది గది వేడి కన్నా చిప్ ఎంత ఎక్కువ వేడెక్కాలో నిర్ణయించడమే. గదిని చల్లబరచడం దాని పని కాదు. మామూలు సెట్టింగ్‌లో గట్టి లోడ్ పెడితే చిప్ గది కన్నా 60 డిగ్రీలు ఎక్కువ ఉంటుందనుకోండి. యూట్యూబ్ రివ్యూ చేసేవాడి ఏసీ గది 24 డిగ్రీలు, చిప్ 84 దగ్గర ఆగుతుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది 39 ఉంటే, ఏ ఓవర్‌క్లాకూ లేకుండానే చిప్ 99. పైన చెప్పిన 21 శాతం వేడి కలిపితే 60 కాస్తా 73 అవుతుంది. ఏసీ గదిలో 97, మన గదిలో 112. ఆ 112 ఎప్పటికీ రాదు, ఎందుకంటే 100 దగ్గరే చిప్ వేగం తగ్గించేసుకుంటుంది. అంటే ఓవర్‌క్లాక్ చేసిన కంప్యూటర్ చేయనిదాని కన్నా నెమ్మదిగా నడిచే అవకాశం కూడా ఉంది. జనవరిలో సెట్ చేసుకుని సంతోషపడ్డవాళ్లకి ఏప్రిల్‌లో కంప్యూటర్ ఎందుకు హ్యాంగ్ అవుతోందో అర్థం కాకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

అయినా చేసి చూస్తామనేవాళ్లు ఉంటారు. వాళ్లు అనుసరించే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. బయోస్‌లో మల్టిప్లయర్‌ని ఒక్క మెట్టు పెంచి, Prime95 లాంటి ప్రోగ్రామ్ గంటసేపు నడిపి, HWiNFOలో టెంపరేచర్ చూస్తూ ఉండాలి. తప్పులొస్తే వోల్టేజ్‌ని 0.01, 0.02 చొప్పున పెంచాలి. బూట్ కాకపోతే బయోస్ రీసెట్ చేసి మొదటికి రావాలి. స్క్రీన్ నీలంగా మారి WHEA_UNCORRECTABLE_ERROR అని వస్తే కనీసం విషయం తెలుస్తుంది. అసలు టెన్షన్ పెట్టేవి చప్పుడు చేయని తప్పులు. కంప్యూటర్ ఆగదు, ఎక్కడో ఒక లెక్క తప్పుతుంది. జిప్ ఫైల్ తెరవబోతే పాడైందంటుంది, వీడియో ఎగుమతి మధ్యలో ఆగుతుంది, గేమ్ కారణం చెప్పకుండా మూసుకుపోతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో WHEA-Logger పేరుతో హెచ్చరికలు పోగవుతుంటే, పైకి బాగానే ఉన్నా లోపల సరిగా లేదని అర్థం.

మెల్లగా వచ్చే నష్టం అన్నానే, దానికి పెద్ద ఉదాహరణ ఓవర్‌క్లాక్ చేసినవాళ్ల దగ్గర కాదు, ఫ్యాక్టరీ సెట్టింగ్‌ల దగ్గరే కనిపించింది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్పుల్లో కొన్ని ఏమీ మార్చకుండా వాడినా క్రాష్ అవసాగాయి. అవసరానికి మించిన వోల్టేజ్ చిప్‌కి అందుతోందని, దానివల్ల లోపలి సర్క్యూట్ అరిగి, నిలకడగా నడవడానికి కావలసిన కనీస వోల్టేజ్ పెరిగిపోతోందని 2024లో ఇంటెల్ తేల్చింది. ఆగస్టులో 0x129 అనే మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చి, చిప్ అడిగే వోల్టేజ్‌కి 1.55 దగ్గర పరిమితి పెట్టారు. అప్పటికే అరిగిన చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు, మార్చుకోవాల్సిందే. అందుకని ఆ చిప్పుల వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెంచారు. తయారుచేసిన కంపెనీకే హద్దు ఎక్కడుందో పట్టుబడని చోట, బయోస్‌లో మనం అంకెలు పెంచుకుంటూ పోవడం ఏమిటనేది నా సందేహం.

వారంటీ విషయంలో రెండు కంపెనీల మాటా ఒకటే. పేర్కొన్న హద్దులు దాటి నడిపితే, దానివల్ల జరిగిన నష్టానికి బాధ్యత మాది కాదంటాయి. "కె" చిప్ కొన్నా అంతే. ఆప్షన్ అమ్ముతారు గానీ పూచీ ఇవ్వరు. ఎఎమ్‌డి తన సొంత సాఫ్ట్‌వేర్‌తో ఓవర్‌క్లాక్ చేసినా వర్తించదని రాసి పెట్టింది. చాలామందికి తెలియని ఇంకో మెలిక ర్యామ్‌ది. ర్యామ్‌ని మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపే XMP గానీ EXPO గానీ బయోస్‌లో ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుంది, అది కొత్త కంప్యూటర్ కొన్నరోజే షాపువాళ్లు చేసి ఇస్తుంటారు. "వాళ్లకెలా తెలుస్తుందిలే" అనేది పాత ధీమా. ఎఎమ్‌డి థ్రెడ్‌రిప్పర్ 7000 చిప్పుల్లో ఓవర్‌క్లాకింగ్ ఆన్ చేయగానే తెగిపోయే ఫ్యూజ్ ఒకటి లోపల ఉంది. అది తెగినంత మాత్రాన వారంటీ పోదని, ఓవర్‌క్లాకింగ్ వల్ల వచ్చిన నష్టానికే వర్తించదని ఎఎమ్‌డి వివరణ ఇచ్చింది. కానీ తెగిన ఫ్యూజ్ మళ్లీ అతుక్కోదు.

ఆఫీసు పని, కోడింగ్, చదువు, ఏదైనా గేమ్, ఇంతవరకే కంప్యూటర్ వాడేవాళ్లకి పై 4 శాతం కంటికి కనిపించదు. గేముల్లో బరువు ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అసలు ఆ ఆప్షనే ఉండదు. వేడితో ఇబ్బంది పడే గదుల్లో ఇప్పుడు ఉపయోగపడుతున్నది దీనికి ఎదురు దారి, అంటే చిప్ తాగే కరెంటుకి హద్దు పెట్టడం. రైజెన్ 7 7700ఎక్స్ మామూలుగా 142 వాట్ల వరకు తీసుకుంటుంది, ఎకో మోడ్‌లో పెడితే 88 దగ్గర ఆగుతుంది. పోయే వేగం కొద్ది శాతమే, మే నెలలో ఫ్యాన్ మోత మాత్రం బాగా తగ్గుతుంది.