ఓటీపీ నేనే కొట్టాను, ఇక డబ్బులు రావా? (అపోహలు - వాస్తవాలు)

నేను బెంగళూరులో కార్డు డిస్ప్యూట్లు చూసే డెస్క్‌లో పనిచేస్తాను. డబ్బు కట్టినా సరుకు రాలేదని ఫోన్ చేసే మనవాళ్లలో చాలామంది మొదట అనేది ఒకటే: "ఓటీపీ నేనే కొట్టానండీ, బ్యాంకు ఏం చేస్తుంది?"

ఇది పూర్తిగా అపోహ. డబ్బు కట్టింది మీరేనని మాత్రమే ఓటీపీ చెబుతుంది, సరుకు అందిందని చెప్పదు. ఈ భయంతోనే కొందరు ఎవరో చెప్పారని బ్యాంకు డిస్ప్యూట్ ఫారంలో "ఈ లావాదేవీ నేను చేయలేదు" అని టిక్ పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. అది మోసం కేసుగా వెళ్తుంది, ఓటీపీ రికార్డు చూపించగానే కొట్టేస్తారు, ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా అనుమానంగానే చూస్తారు. మీరు ఎంచుకోవాల్సింది "సరుకు అందలేదు" అనే కారణం.

మారతహళ్లిలో ఉండే ఒకావిడ సంగతి చెప్తాను. పిల్లాడి స్టడీ టేబుల్‌కి 14,800 కట్టారు. "రేపు వస్తుంది మేడమ్" అంటూ వారాలు గడిపిన అమ్మకందారు చివరికి డెలివరీ అయిపోయిందన్నాడు. పాపం, గొంతు వణుకుతూ ఫోన్ చేశారు. ఆవిడతో బ్యాంకుకి లేఖ ఇలా రాయించాను: కార్డు చివరి నాలుగు అంకెలు, స్టేట్‌మెంట్‌లో కనిపించే వ్యాపారి పేరు (సైట్ పేరుకీ దానికీ పొంతన ఉండకపోవచ్చు), తేదీ, మొత్తం, ఆర్డర్ నంబరు, ఇస్తామన్న తేదీ. ఆ తర్వాత "ఈ రోజు వరకు వస్తువు అందలేదు, రీఫండ్ అడిగాను, ఇవ్వలేదు" అని సూటిగా ఒక వాక్యం. సీవీవీ, పిన్ ఎక్కడా రాయకూడదు.

జతగా ఆర్డర్ మెయిల్, అమ్మకందారు జవాబులు తేదీల వరుసలో. వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో నంబరు, తేదీ కనిపించాలి, మధ్యలో కత్తిరిస్తే విలువ పోతుంది. ఫోన్‌లో చెప్పిన మాటకి సాక్ష్యం ఉండదు కాబట్టి, కాల్ అయ్యాక "మీరు శుక్రవారం పంపుతామన్నారు" అని మెయిల్ పెట్టమన్నాను. "డెలివరీ అయింది" అన్న ట్రాకింగ్ పేజీ తెరిచి చూస్తే అందులో పిన్‌కోడే వేరు, ఆవిడది 560037. డబ్బు వెనక్కి రావడానికి ఆ ఒక్క పేజీయే పనికొచ్చింది.

"ఇంకొన్నాళ్లు ఆగుదాం, వాడే పంపుతాడు" అనేది ఇంకో అపోహ. డిస్ప్యూట్ వేసే గడువు మీ ఓపికని చూసి ఆగదు. వీసా కార్డుల నిబంధనల్లో ఇలాంటి కేసుకి సాధారణంగా 120 రోజులు, అదీ సరుకు అందాల్సిన ఆఖరి తేదీ నుంచి. మీ బ్యాంకు ఇంకా ముందే అడగొచ్చు. ఇస్తామన్న తేదీ దాటి, రాతపూర్వకంగా రీఫండ్ అడిగినా రాకపోతే వెంటనే డిస్ప్యూట్ వేసేయండి.

ఖాతాలో తాత్కాలికంగా డబ్బు పడితే గెలిచేశామనుకోవద్దు. అమ్మకందారు డెలివరీ రుజువు పంపితే అది వెనక్కి పోవచ్చు. బ్యాంకు ఆ కాగితం మీకు పంపినప్పుడు అందులో చిరునామా, సంతకం, బరువు ఒక్కొక్కటీ చూసి, చెప్పిన గడువులోపు జవాబివ్వండి. ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి cms.rbi.org.in లో పెట్టొచ్చు, అక్కడ కూడా ఇవే కాగితాలు.