అలారం మెసేజ్ వెళ్లింది, మరి ఎవరైనా చూశారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతి చుట్టుపక్కల పాల శీతల కేంద్రాలకు కంట్రోల్ ప్యానెళ్లు కట్టడం, పాడైతే బాగుచేయడం నా పని. కంట్రోలర్‌కి మోడెమ్ తగిలించి ‘కంప్రెసర్ ఆగితే మెసేజ్ వచ్చేలా చేయండి’ అని అందరూ అడుగుతారు. అలా చేసిచ్చిన ఒక చోట ఏం జరిగిందో చెబుతాను.

అపోహ: మోడెమ్ OK అందంటే మెసేజ్ చేరినట్టే.

చంద్రగిరి వైపు ఒక కేంద్రం. గంగమ్మ జాతర రోజులు. సాయంత్రం పాలు ట్యాంకులో పోశాక రాత్రి 7:40కి, మోటార్ ఎక్కువ కరెంటు లాగితే దాన్ని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే పడి కంప్రెసర్ ఆగింది. ఆపరేటర్ జాతరకు వెళ్లాడు. పొద్దున వచ్చి పాలు మరగబెట్టి చూస్తే విరిగిపోయాయి. ప్యానెల్ లాగ్‌లో మాత్రం మోడెమ్ జవాబు నిక్షేపంగా ఉంది:

```
AT+CMGS="+91XXXXXXXXXX"
> 07 COMPRESSOR TRIP
+CMGS: 23
OK
```

ఈ OK అర్థం ఒక్కటే: నెట్‌వర్క్ మెసేజ్ తీసుకుంది. అవతలి ఫోన్ ఆగిపోయి ఉన్నా, సిగ్నల్ లేకపోయినా ఇదే OK వస్తుంది. డెలివరీ రిపోర్ట్ అడిగి తెప్పించుకోవచ్చు గానీ, అదీ ఫోన్ దాకా చేరిందని చెప్పేదే. ఆ రోజు మెసేజ్ ఫోన్‌కి చేరింది కూడా. “డప్పుల మోతలో ఏం వినబడుతుందన్నా, ఫోన్ జేబులోనే ఉంది” అన్నాడతను. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే అసలు తప్పు నాది. ‘పంపడం విఫలమైతే రెండో నంబర్‌కి పంపు’ అని ప్రోగ్రామ్ రాసింది నేనే. పంపడం విఫలం కాలేదు కాబట్టి సూపర్‌వైజర్‌కి కబురే లేదు.

ఇప్పుడు షరతు తిరగేశాను. మెసేజ్ వెళ్లిందా అన్నది కాదు, మనిషి జవాబిచ్చాడా అన్నదే లెక్క. మొదటి మెసేజ్‌తో టైమర్ మొదలవుతుంది. 5 నిమిషాల్లో `OK 07` అని తిరుగు మెసేజ్ రాకపోతే మళ్లీ మెసేజ్, దాంతోపాటు ఒక ఫోన్ కాల్. నిద్రలో ఉన్నవాణ్ణి ఒక్క ‘టింగ్’ లేపదు, రింగ్ లేపుతుంది. 10 నిమిషాలకీ జవాబు లేకపోతే సూపర్‌వైజర్‌కి, 20 నిమిషాలకు యజమానికి. కాల్ ఎత్తినంత మాత్రాన జవాబుగా తీసుకోను. జేబులో వేలు తగిలినా కాల్ ఎత్తుకుంటుంది. 07 అని అలారం వరస నంబర్ కూడా రాయమనేది, నిన్నటి అలారానికి పంపిన OK నేటి దానికి చెల్లకుండా ఉండటానికి.

OK పంపి మళ్లీ పడుకునేవాళ్లూ ఉంటారు. అందుకే OK వచ్చినా 45 నిమిషాల్లో కంప్రెసర్ తిరగకపోతే అలారం మొదటి నుంచి మొదలవుతుంది.

అపోహ: ఇద్దరికీ ఒకేసారి పంపితే ఈ గొడవంతా ఉండదు.

‘వాడు చూసుకుంటాడులే’ అని ఇద్దరూ అనుకుంటారు. నాలుగు రోజులు అనవసరంగా మోగితే సూపర్‌వైజర్ ఆ నంబర్‌ని సైలెంట్‌లో పెట్టేస్తాడు. రెండో మనిషికి అరుదుగా వస్తేనే దానికి విలువ.

అపోహ: జవాబిచ్చినా రెండో మనిషికి వెళ్తోందంటే ప్రోగ్రామ్ తప్పు.

చాలాసార్లు మోడెమ్‌లోని సిమ్ నిండిపోయి ఉంటుంది. సిమ్‌లో కొన్ని పదుల మెసేజ్‌లకే చోటు. కంపెనీవాళ్ల ఆఫర్ మెసేజ్‌లతో అది నిండితే కొత్త మెసేజ్ లోపలికి రాదు, మన OK కూడా బయటే ఆగుతుంది. పంపడం మాత్రం యథావిధిగా జరుగుతుంది కాబట్టి అనుమానం రాదు. `AT+CPMS?` అని అడిగితే ఎన్ని నిండాయో, మొత్తం చోటెంతో చెబుతుంది. ఆ రెండంకెలూ సమానమైతే సంగతి అదే. చదివిన ప్రతి మెసేజ్‌నీ ప్రోగ్రామే `AT+CMGD`తో చెరిపేయాలి.

అపోహ: మెసేజ్ రాలేదంటే అంతా బాగున్నట్టే.

రీఛార్జ్ గడువు అయిపోయినా మెసేజ్ రాదు. కరెంటు పోయినప్పుడు మోడెమ్‌కి బ్యాటరీ లేకపోతే, అదీ కంప్రెసర్‌తోపాటే ఆగుతుంది. అందుకే రోజూ ఉదయం 8కి ‘బాగున్నాను’ అని ప్యానెల్ ఒక మెసేజ్ పంపుతుంది. అది రాని రోజు ఫోన్ చేయడం సూపర్‌వైజర్ పని.

ఈమెయిల్‌ని నేను రికార్డు కోసమే వాడతాను. 2022లో జీమెయిల్ ఉత్త పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పద్ధతి ఎత్తేసినప్పుడు, అలా అమర్చిన పాత కంట్రోలర్ల మెయిల్స్ ఆగిపోయాయి. యాప్ పాస్‌వర్డ్ పెట్టుకోవాలి, మెయిల్‌ని గుప్తంగా పంపే టీఎల్ఎస్ పద్ధతి కూడా కంట్రోలర్‌కి తెలిసుండాలి.

ఇప్పుడు ప్యానెల్ అప్పగించే ముందు ఆపరేటర్ ఫోన్ స్విచాఫ్ చేయించి, ఓవర్‌లోడ్ రిలే మీది టెస్ట్ మీట నొక్కుతాను. సూపర్‌వైజర్ ఫోన్ మోగేదాకా అక్కడే కూర్చుంటాను. ఆ 10 నిమిషాలు యజమానికి విసుగే, టీ తెప్పిస్తాడు.