తేజ రేటు ఒకటి, థంబ్‌నెయిల్ రేటు మరొకటి

గుంటూరు మిర్చి యార్డు ధరలు చెప్పే వీడియోలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఎర్రటి మిర్చి రాశి, దాని మీద బాణం గుర్తు, పక్కన నోరు తెరిచిన ముఖం, కింద "తేజ రికార్డు ధర!" అన్న అక్షరాలు. తేజ ఒక మిర్చి రకం. ఐదో నిమిషం దాకా ఓపిక పడితే అసలు సంగతి బయటపడుతుంది. ఆ ధర పలికిన మాట నిజమే, కానీ నాలుగైదు టిక్కీల, అంటే బస్తాల, మేలురకం డీలక్స్ సరుకుకు మాత్రమే. మిగతా సరుకు క్వింటాలుకు రెండు మూడు వేలు తక్కువకే పోయింది. రంగు పోయిన తాలు కాయల సంగతి అసలు ఎత్తనే ఎత్తరు. ఆ అంకె చూసి ఏ వినుకొండ రైతో లారీ మాట్లాడుకుని వస్తే కిరాయి, హమాలీ ఖర్చు ఆయన నెత్తినే పడతాయి.

ఇందులో అబద్ధం ఎక్కడుందని అడిగితే చూపించడం కష్టం. ఈ అలవాటు ఎలా ముదిరిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

2005లో యూట్యూబ్ మొదలైనప్పుడు థంబ్‌నెయిల్‌ను సొంతంగా పెట్టుకునే వీలు అందరికీ ఉండేది కాదు. వీడియోలోంచి కొన్ని ఫ్రేములను యూట్యూబే తీసి చూపేది. వాటిలో ఒకటి సరిగ్గా నడిమధ్యది. ఇది కనిపెట్టినవాళ్లు వీడియో నట్టనడుమ, విషయంతో సంబంధం లేని ఆకర్షణీయమైన బొమ్మను క్షణంపాటు ఇరికించేవాళ్లు. అప్పట్లో సిఫార్సులకు ప్రధాన కొలత వ్యూసే. చూసేవాడు నొక్కితే చాలు, తర్వాత తిట్టుకుంటూ వెళ్లిపోయినా లెక్కలో పడేవాడు.

2012లో యూట్యూబ్ ఈ కొలత మార్చింది. ఎన్నిసార్లు నొక్కారన్నదానికన్నా ఎంతసేపు చూశారన్నదానికి విలువ పెంచింది. దీంతో మోసం పోతుందనుకున్నారు. పోలేదు, రూపం మార్చుకుంది. మనిషిని కూర్చోబెట్టాలి కాబట్టి జవాబును చివరికి నెట్టడం మొదలైంది. తేజ రేటు ఐదో నిమిషంలో రావడం వెనుక ఉన్నది ఈ లెక్కే. తర్వాత యూట్యూబ్ ప్రేక్షకులను సర్వేల్లో నేరుగా అడగడం మొదలుపెట్టింది, ఈ వీడియో చూశాక తృప్తి కలిగిందా అని.

2018లో ఛానల్ నడిపేవాళ్లకు ఇంకో అంకె కనిపించసాగింది: థంబ్‌నెయిల్ ఎదురుపడ్డ ప్రతి వందసార్లలో ఎన్నిసార్లు నొక్కారు అన్న శాతం. సగం ఛానళ్లకు ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది. నా ఉద్దేశంలో చాలామందిని దారి తప్పించింది ఈ అంకే, ఎందుకంటే దాన్ని ఒంటరిగా చూస్తారు.

ఆరు నిమిషాల ధరల వీడియో ఒకటి తీసుకుందాం. థంబ్‌నెయిల్ 10,000 సార్లు కనిపించిందనుకుందాం. "రికార్డు ధర!" అని పెడితే 9 శాతం నొక్కారు, అంటే 900 మంది. ముప్పై సెకన్లకే సగంమంది జారుకుని, సగటున 50 సెకన్లు చూశారు. మొత్తం 750 నిమిషాలు. అదే వీడియోకు "సోమవారం తేజ: ఎక్కువ లాట్లు 11,000–13,000" అని పెడితే 5 శాతమే నొక్కారు, 500 మంది. కానీ వాళ్లు వచ్చింది ఆ ధర కోసమే, సగటున మూడు నిమిషాలు ఉన్నారు. మొత్తం 1,500 నిమిషాలు. నొక్కినవాళ్లు దాదాపు సగమైనా, చూసిన సమయం రెట్టింపు. 2024లో యూట్యూబ్ తెచ్చిన థంబ్‌నెయిల్ పోటీ పరీక్ష కూడా గెలిచినదాన్ని తేల్చేది వీక్షణ సమయంలో వాటాతోనే, క్లిక్కులతో కాదు.

నష్టం ఒక్క వీడియోతో తెలియదు. అనలిటిక్స్‌లో మళ్లీ వచ్చే ప్రేక్షకుల గీత మెల్లగా దిగుతుంది, కొత్తవాళ్ల గీత మాత్రం ఎగిరెగిరి పడుతుంది. మొత్తం వ్యూస్ బాగానే ఉన్నాయి కదా అని ఛానల్ యజమాని ధీమాగా ఉంటాడు. ఈలోపు రోజూ చూసే రైతులు, కమీషన్ వ్యాపారులు వేరే ఛానల్‌కు మళ్లిపోయి ఉంటారు. ధర నిజంగానే పెరిగిన రోజున అదే ముక్క రాసినా వాళ్లు నమ్మరు.

ప్రభుత్వం కలగజేసుకున్నది ఇంకా పెద్ద మోసాల్లో. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీకి చెందిన ఫ్యాక్ట్ చెక్ విభాగం మూడు యూట్యూబ్ ఛానళ్లను బయటపెట్టింది. టీవీ ఛానళ్ల లోగోలు, యాంకర్ల ఫొటోలు థంబ్‌నెయిల్స్‌లో అతికించి తప్పుడు వార్తలు చెప్పిన ఆ మూడింటికి కలిపి 33 లక్షలమంది చందాదారులున్నారు. 2024 డిసెంబరులో, శీర్షికలోనో థంబ్‌నెయిల్‌లోనో చెప్పింది వీడియోలో లేకపోతే తొలగిస్తామని, భారత్‌లో తాజా వార్తల విషయంలో మరీ గట్టిగా ఉంటామని యూట్యూబ్ ప్రకటించింది. మొదట్లో స్ట్రైక్ వేయకుండా వీడియో మాత్రమే తీసేస్తామంది.

మన "రికార్డు ధర" ఈ వలలో పడడం కష్టం. ఆ నాలుగు టిక్కీల ధర వీడియోలో ఉంది కదా! అందుకే ధరల ఛానల్ పెట్టినవాళ్లు థంబ్‌నెయిల్ మీద రకం, తేదీ, ఎక్కువ లాట్లు పలికిన ధర రాయాలి. టాప్ రేటు వేయాలనుకుంటే పక్కనే అది ఎన్ని టిక్కీలదో కూడా వేయాలి. కొత్త సరుకా, కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన ఏసీ సరుకా అన్నది మొదటి అర నిమిషంలో చెప్పేయాలి.