మూడోసారి వచ్చిన డిప్రెషన్: కేస్ ఫార్ములేషన్‌లో తేదీల పని

వరంగల్‌లో మా సైకియాట్రీ పీజీ విద్యార్థులు కేస్ కాన్ఫరెన్స్‌కు రాసుకొచ్చే ఫార్ములేషన్లు, అంటే ఒక మనిషికి జబ్బు ఎందుకు వచ్చిందో చెప్పే వివరణలు, చాలావరకు ఒకే రూపంలో ఉంటాయి. మూడు నిలువు గళ్లలో శరీరం, మనసు, సమాజం ఉంటాయి. నాలుగు అడ్డ గళ్లలో ముందునుంచే జబ్బుకు లోను చేసినవి, ఇప్పుడు దాన్ని రేపినవి, తగ్గకుండా పట్టి ఉంచుతున్నవి, మనిషిని కాపాడుతున్నవి ఉంటాయి. మొదటిసారి డిప్రెషన్ వచ్చిన మనిషి విషయంలో ఈ పన్నెండు గళ్లు ఫరవాలేదు. అదే జబ్బు మూడోసారి తిరిగి వచ్చినప్పుడు మాత్రం గళ్లన్నీ నిండినా, ఇప్పుడే ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం దొరకదు. ఈ లోపం ఎక్కడ మొదలైందో తెలియాలంటే, పట్టిక మన చేతికి వచ్చిన దారిని కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి.

జబ్బును శరీరం, మనసు, సమాజం మూడింటినీ కలిపి చూసే బయోసైకోసోషల్ నమూనాను వైద్యలోకం ముందు గట్టిగా నిలబెట్టిన జార్జ్ ఎంగెల్ అమెరికాలోని రోచెస్టర్‌లో పనిచేసిన ఫిజీషియన్. 1977లో ‘సైన్స్’ పత్రికలో ఈ వాదన చేశాక, 1980లో దాన్ని రోగి దగ్గర ఎలా వాడాలో చూపడానికి ఆయన గుండెపోటు వచ్చిన ఒక మనిషి కథను తీసుకున్నారు. అందులో ఆయన కారణాలను గళ్లలోకి విడదీయలేదు. ఆఫీసులో నొప్పి మొదలైన క్షణం నుంచి ఆసుపత్రిలో జరిగిన పొరపాట్ల దాకా ఒక్కో సంఘటన కణజాలం మీద, మనిషి మీద, చుట్టూ ఉన్నవారి మీద ఏం ప్రభావం చూపిందో వరుసగా రాసుకుంటూ పోయారు. అంటే అది కాలం వెంట నడిచిన వివరణ. అంతకు ఎంతో ముందే, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, సైకియాట్రిస్ట్ అడాల్ఫ్ మేయర్ రోగి వయసును, జీవిత సంఘటనలను, జబ్బులను పక్కపక్కన రాసే ‘లైఫ్ చార్ట్’ను తన విద్యార్థులకు నేర్పారు. కారణాల గళ్లు బోధనలో స్థిరపడింది ఆ తర్వాతి కాలంలో; 1993లో ప్రియంతి వీరశేఖర ప్రచురించిన పట్టిక వాటిలో బాగా వాడుకలోకి వచ్చింది. బోధనకు పట్టిక సులువు కనుక అదే మిగిలింది, చార్ట్ వెనకబడింది.

తిరగబెట్టే డిప్రెషన్‌లో ఈ నష్టం ఎక్కువగా కనిపించడానికి ఒక కారణం ఉంది. 1992లో అమెరికా సైకియాట్రిస్ట్ రాబర్ట్ పోస్ట్ ఒక ఆలోచన ముందుకు తెచ్చారు: మొదటి ఎపిసోడ్‌కు, అంటే జబ్బు మొదటిసారి రావడానికి, పెద్ద దెబ్బ కావలసి వచ్చినా, ఎపిసోడ్లు పెరిగేకొద్దీ జబ్బుకు అంత దెబ్బ అక్కర్లేకపోవచ్చు. 2000లో కెండ్లర్ బృందం కవల స్త్రీలపై చేసిన అధ్యయనంలోనూ, ఎపిసోడ్ల సంఖ్య పెరిగేకొద్దీ పెద్ద కష్టానికీ జబ్బు మొదలవడానికీ మధ్య సంబంధం బలహీనపడుతూ పోయింది. దీనికి రెండు అర్థాలు చెప్పవచ్చు. జబ్బు బయటి కారణం లేకుండానే రావడం మొదలుపెట్టిందన్నది ఒకటి; చిన్న సంఘటనే చాలేంతగా మనిషి సున్నితమయ్యారన్నది మరొకటి. ఫార్ములేషన్ రాసేవారికి ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే రెండో అర్థమే నిజమైతే మనం వెతకవలసింది పెద్ద కష్టం కోసం కాదు.

ఒక కేసు చూద్దాం. ఇది పలువురి వివరాలు కలిపి, మార్చి రాసినది. జగిత్యాల వైపు ఒక ఊరిలో బీడీలు చుట్టే 39 ఏళ్ల స్త్రీ. భర్త దుబాయ్‌లో ఉంటారు. ‘పానమంతా గుంజుతుంది సారు, ఏం జేయబుద్ధయితలేదు’ అని వచ్చారు. రోజుకు 800 బీడీలు చుట్టే చేయి 250 దగ్గర ఆగిపోయింది. (జబ్బు తగ్గుతోందో లేదో చూడడానికి ఈ లెక్క పనికొస్తుంది, ప్రతిసారీ అడిగి రాయాలి.) 24 ఏట రెండో కాన్పు అయిన మూడు వారాలకు మొదటి ఎపిసోడ్ వచ్చింది, 37 ఏట రెండోది. అప్పుడు డిప్రెషన్‌కు ఇచ్చే ఎసిటలోప్రామ్ తొమ్మిది నెలలు వేసుకుని, బాగైందని మానేశారు. ఆ తర్వాత ఏడాది పాటు లక్షణాలు లేవు కనుక ఇది పాత ఎపిసోడ్ కొనసాగింపు కాదు, కొత్తది.

విద్యార్థి ‘రేపినవి’ అన్న గడిలో రెండు రాశారు: మహిళా సంఘం అప్పు కట్టలేకపోవడం, భర్తతో ఫోన్‌లో గొడవ. రెండూ నిజమే, కానీ ఎప్పుడు జరిగాయో చూడాలి. ఆమెకు నెలలు గుర్తుండవు కాబట్టి పండుగలతో అడిగాం. నిద్ర చెదిరింది బతుకమ్మకు ఇరవై రోజుల ముందు. సంఘం కిస్తీ తప్పింది దసరా దాటాక. గొడవ దీపావళికి. అంటే చుట్టే బీడీలు తగ్గి కిస్తీ తప్పింది, కిస్తీ తప్పినందుకు గొడవ వచ్చింది. రెండూ జబ్బు తెచ్చిన ఫలితాలు. ఇప్పుడు అవే జబ్బును పట్టి ఉంచుతున్నాయి కాబట్టి వాటి చోటు మూడో గడి. ఈ పొరపాటును గుర్తించడానికి ఒకటే మార్గం: మొదటి లక్షణం తేదీని ముందు నిలబెట్టి, మిగతా ప్రతి సంఘటనా దానికి ముందా వెనకా అని చూడడం.

మరి బతుకమ్మకు ముందు ఏం జరిగింది? ఆమె ఏమీ జరగలేదన్నారు. ఇంట్లో ఎవరెవరు ఉండేవారని నెల నెలా అడిగితే, ఆగస్టు చివర కూతురు నర్సింగ్ చదువుకు హైదరాబాద్ వెళ్లిందని తెలిసింది. అది ఇంటిల్లిపాదీ సంతోషించిన విషయం కనుక ఎవరూ కష్టంగా చెప్పలేదు. కానీ రాత్రి తల్లి పక్కన పడుకునేది ఆ అమ్మాయే. ఇప్పుడు చార్ట్‌ను పైనుంచి చదివితే ఒక వరుస కనిపిస్తుంది. తొమ్మిదో ఏట తల్లి చనిపోయారు, అమ్మమ్మ పెంచారు. మొదటి ఎపిసోడ్‌కు నెల ముందు అమ్మమ్మ పోయారు. రెండోదానికి ముందు భర్త దుబాయ్ వెళ్లారు. మూడోదానికి ముందు కూతురు హాస్టల్‌కు వెళ్లింది. దూరమైన తీరు ప్రతిసారీ చిన్నదవుతూ వచ్చింది, జబ్బు మాత్రం చిన్నది కాలేదు. 1978లో సామాజిక పరిశోధకులు బ్రౌన్, హారిస్ లండన్‌లోని కాంబర్‌వెల్ స్త్రీలలో చూసిన రెండు అంశాలు, పదకొండేళ్ల లోపు తల్లిని కోల్పోవడం, మనసు విప్పి చెప్పుకునే మనిషి దగ్గర లేకపోవడం, ఇక్కడ రెండూ ఉన్నాయి.

కథ ఇంత చక్కగా కుదిరినప్పుడే జాగ్రత్త పడాలి. థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ పరీక్షలో ఈమెకు 14 వచ్చింది, అంటే థైరాయిడ్ లోపం ఉంది. నీరసంలో, బీడీల లెక్క తగ్గడంలో దానికీ వాటా ఉండవచ్చు. ఆమె పిన్నికి కూడా డిప్రెషన్ ఉంది. కాన్పు తర్వాత మొదలైన డిప్రెషన్ కనుక, నిద్ర లేకపోయినా హుషారుగా, ఎక్కువ మాట్లాడుతూ గడిపిన రోజులు ఉన్నాయా అని అత్తను విడిగా అడిగాం. లేవన్నారు. ఉన్నాయని చెప్పి ఉంటే ఇది కుంగుబాటు, అతి హుషారు రెండూ వచ్చే బైపోలార్ జబ్బు వైపు తిరిగేది, మందు ఎంపికే మారేది.

చివరికి రాసిన పేరా ఇది: ‘వంశంలో ఈ జబ్బు, చిన్ననాటి తల్లి మరణం ఉన్న ఈమెలో, ఆధారమైన మనిషి దూరమైనప్పుడల్లా జబ్బు తిరగబెడుతోంది. ఈసారి మందు రక్షణ లేని సమయంలో కూతురు దూరమవడం దాన్ని రేపి ఉంటుంది. థైరాయిడ్ లోపం, అప్పు, ఒంటరితనం దాన్ని పట్టి ఉంచుతున్నాయి. అత్త తోడు, చేతిలో పని, గతంలో మందుకు బాగా స్పందించడం కాపాడుతున్నాయి.’ దాని కింద ఒక షరతు కూడా రాశాం: టీఎస్‌హెచ్ సరిపడ్డాక మనసు కూడా పూర్తిగా తేలికైతే దూరమవడానికి ఇచ్చిన బరువు తగ్గించి, థైరాయిడ్‌కు పెంచాలి. ఎసిటలోప్రామ్, థైరాక్సిన్ రెండూ ఒకేరోజు మొదలుపెడితే ఏది పనిచేసిందో తేల్చడం కష్టమని తెలుసు. కానీ ఆమె ఉన్న స్థితి చూస్తే, లెక్క తేలడం కోసం ఒకదాన్ని ఆపడం సరికాదు.

ఎనిమిది వారాలకు బీడీలు 600కు వచ్చాయి. టీఎస్‌హెచ్ సాధారణ స్థాయికి చేరింది. పగటి నీరసం పోయింది కానీ రాత్రి మూడింటికి మెలకువ రావడం, కూతురి మాట ఎత్తితే ఏడవడం ఇంకా ఉన్నాయి. అందుకే పేరాను మార్చలేదు. ఈసారి మందును కనీసం రెండేళ్లు కొనసాగించాలని రాసి, దాని పక్కన మరో తేదీ చేర్చాం. జూన్‌లో కొడుకు ఇంటర్ చదువుకు కరీంనగర్ హాస్టల్‌కు వెళ్తాడు. మే చివరి వారంలో ఆమెను, అత్తను కలిపి రమ్మనాలి.