తెల్లారేసరికి తగ్గిపోయే హోరు

పోయినేడు వినాయక నిమజ్జనానికి డీజే బండి పక్కనే రెండు గంటలు నడిచాను. ఇంటికొచ్చి పడుకుంటే చెవుల్లో ఒకటే గుయ్‌మని హోరు. మా ఆవిడ మాటలు చెవుల్లో దూది పెట్టుకుని విన్నట్టున్నాయి. తెల్లారేసరికి సర్దుకుంది. సర్దుకుందనే అనుకున్నాను.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కాక్లియా ఉంటుంది. సైజు బఠాణీ గింజంత. అందులో సుమారు 15 వేల రోమకణాలు వరుసలు కట్టి ఉంటాయి. ఒక్కో కణం నెత్తిన సన్నని రోమాలు మెట్లమెట్లుగా నిలబడి ఉంటాయి. పొట్టి రోమం కొసని పక్కనున్న పొడుగు రోమానికి కలుపుతూ కంటికి కనపడని దారం ఒకటుంటుంది. శబ్దానికి రోమాలు వాలగానే ఆ దారం బిగుసుకుని కొసనున్న చిన్న ద్వారాన్ని లాగి తెరుస్తుంది. పొటాషియం అయాన్లు లోపలికి దూకుతాయి, నరానికి కబురు వెళుతుంది. మనం వినడమంటే ఇదే.

శబ్దం మరీ ఎక్కువైతే ఆ దారాలు తెగుతాయి, రోమాలు వడలిన పైరులా వాలిపోతాయి. దారాలు ఒకటి రెండు రోజుల్లో మళ్లీ అల్లుకుంటాయి. నా చెవి తేరుకోవడంలో దానికీ భాగముంది. కానీ అదేపనిగా పనిచేసిన కణంలో హానికరమైన ఆక్సిజన్ అణువులు పోగుపడి, కొన్ని కణాలు ఆ తర్వాతి రోజుల్లో చచ్చిపోతాయి. కోడికైతే కొత్తవి పుడతాయి, మనకు పుట్టవు. సాధారణంగా మొదట దెబ్బతినేది 4000 హెర్ట్జ్ దగ్గరి భాగం. స, ష, త లాంటి హల్లులను పోల్చుకోవడానికి ఆ పైస్థాయి ధ్వనులు కావాలి. అందుకే వినికిడి తగ్గినవాళ్లు 'వినపడుతోంది గానీ ఏమన్నావో తెలియట్లేదు' అంటారు.

ఇంకో చిక్కుంది. 2009లో అమెరికాలో కుజావా, లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకలకు రెండు గంటలు పెద్ద శబ్దం వినిపించారు. కొన్ని వారాలకు వినికిడి పరీక్షలో అంతా మామూలే. రోమకణాలూ బతికే ఉన్నాయి. కానీ పైస్థాయి ధ్వనులు వినే భాగంలో వాటికీ నరానికీ మధ్య అతుకులు సగం దాకా ఊడిపోయాయి. మనుషుల్లో ఇది ఎంతవరకు జరుగుతుందో తేల్చడం కష్టం. అయినా 'పొద్దున్నకి తగ్గింది కదా' అన్న ధీమా మాత్రం నాకు పోయింది.

మరి ఎంతసేపు వినొచ్చు? పనిచోట్ల కోసం అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం, భద్రత చూసే ప్రభుత్వ పరిశోధన సంస్థ నియోష్ సూచించిన హద్దు 85 డెసిబెల్స్, రోజుకు 8 గంటలు. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 3 పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది, వినే సమయం సగమవ్వాలి. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. డీజే బండి పక్కన 100 ఉందనుకుంటే నేను విన్న రెండు గంటలు ఎనిమిది రోజుల కోటా. సరదాగా వినే పాటలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ఇంకా గట్టిది: పెద్దలకు 80 డెసిబెల్స్ చొప్పున వారానికి 40 గంటలు, పిల్లలకు 75.

చేతికందే దూరంలో ఉన్న మనిషితో గొంతెత్తి అరవాల్సి వస్తే, అక్కడ శబ్దం 85 దాటిందనుకోవచ్చు. దూది కుక్కుకుంటే పెద్దగా ఆగదు. మెత్తగా నలిపి చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు నయం. ఈ ఏడు జేబులో ఓ జత వేసుకుని, బండి వెనక బాగా దూరంగా నడిచాను. పాట స్పష్టంగానే వినిపించింది.